చల్ల మిరపకాయల కోసం గాట్లు పెడితే చేతులు మంట. చేతికి నాలుక లేదు కదా, కారం ఎలా తెలిసింది?

కోనసీమ కోడలు (సాయంత్రం 6:50)
చల్ల మిరపకాయలు పెడదామని మధ్యాహ్నం రెండు కేజీల పచ్చిమిరపకాయలకి గాట్లు పెట్టానండి. గ్లవ్స్ వేసుకోలేదు. అప్పుడేం మంట లేదు. సబ్బుతో రెండుసార్లు కడిగాను కూడా. రెండు గంటలు పోయాక వేళ్ళ సందుల్లో మొదలై ఇప్పుడు చెయ్యంతా నిప్పుల మీద పెట్టినట్టుంది. వేడినీళ్ళతో స్నానం చేద్దామని చెంబు పట్టుకుంటే ప్రాణం పోయింది. బొబ్బలేం లేవు, కాస్త ఎర్రగా ఉంది అంతే. ఏం రాయాలి?
ఇంకో మాట. తొమ్మిదో తరగతి చదివే మా వాడు "కారం రుచి కదమ్మా, చేతికి రుచి ఎలా తెలుస్తుంది" అంటున్నాడు. వాడికి ఏం చెప్పాలో తెలియలేదు.

గౌతమి గట్టు (7:02)
చింతపండు పులుసు రాయండి, లేదా నిమ్మకాయ చెక్క రుద్దండి. పులుపు కారాన్ని విరిచేస్తుంది, కూరలో చూడ్డంలేదూ? ఆ తర్వాత ఐసు నీళ్ళలో పెట్టండి. కారమంతా గింజల్లోనే ఉంటుంది, గాటు పెట్టేటప్పుడు గింజలు చేతికి తగిలుంటాయి. చేతికి తెలిసేది రుచి కాదండీ, అది ఒంటి వేడి.

నరాల మేస్టారు (7:15)
కోడలు గారూ, చింతపండు, నిమ్మకాయ వద్దు. ముందు చేతుల సంగతి చూద్దాం, మీ అబ్బాయి ప్రశ్న తర్వాత.

చేతులు తడపకండి. పొడి చేతుల్లోనే మూడు నాలుగు చెంచాల కొబ్బరి నూనె పోసుకుని రెండు నిమిషాలు నెమ్మదిగా రుద్దండి. గోళ్ళ కింద, గోటి మూలల్లో, వేళ్ళ సందుల్లో ముఖ్యంగా. ఆ నూనెని పాత గుడ్డతోనో కాగితంతోనో తుడిచి అవతల పారేయండి, ఆ గుడ్డ మళ్ళీ వాడొద్దు. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌ని నీళ్ళు కలపకుండా చేతికి రాసి, అప్పుడు చన్నీళ్ళతో కడగండి. ఇదంతా ఇంకోసారి చేయండి. అప్పటికీ తగ్గకపోతే వెడల్పు గిన్నెలో చల్లటి నూనె పోసుకుని చేతులు గంటసేపు అందులో ఉంచండి. ఇలా మిరపకాయ పనిలో చేతులు మండిన వాళ్ళ మీద చన్నీళ్ళని, నూనెని పోల్చి చూశారు. మొదట ఉపశమనం ఇచ్చింది చన్నీళ్ళే, గంట గడిచాక నిలబడింది మాత్రం నూనె.

మంటకి కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. అది నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో హాయిగా కరుగుతుంది. మీరు సబ్బుతో కడిగినప్పుడు పైపైన ఉన్నదే పోయింది. పులుపూ దాన్ని కరిగించదు. పైగా పులుపుకి ఇంకో గుణం ఉంది, దాని గురించి కింద చెప్తాను.

కళ్ళు ముట్టుకోకండి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే అలవాటుంటే ఈ రాత్రి ఆ చేతులతో తీయకండి, ఇంకెవరినైనా తీయమనండి.

కోనసీమ కోడలు (8:20)
చేశానండి. రెండో విడత నూనెకి సగం తగ్గింది. కానీ ఒకటి విచిత్రంగా ఉంది. చన్నీళ్ళ గిన్నెలో చెయ్యి పెడితే మంటే లేదు, బయటికి తీస్తే నిమిషంలో మళ్ళీ అంతే మంట. మధ్యాహ్నం గాట్లు పెడితే సాయంత్రం ఎందుకు మొదలైందో కూడా అర్థం కాలేదు.

నరాల మేస్టారు (8:48)
ఈ రెండిట్లోనే మీ అబ్బాయికి జవాబు ఉంది.

ఆలస్యం ఎందుకంటే అరచేతి చర్మం మందం. పైన చచ్చిన కణాల పొర, ఆ కణాల మధ్య కొవ్వులాంటి పదార్థం ఉంటుంది. క్యాప్సైసిన్ ఆ కొవ్వులో మెల్లగా ఇంకుతూ కిందున్న నరాల కొసల్ని చేరాలి. దానికి సమయం పడుతుంది. అందుకే చర్మం పల్చగా ఉండే వేళ్ళ సందుల్లో ముందు, అరచేతిలో చివర. నోట్లో లోపలి చర్మం తడిగా, మెత్తగా ఉంటుంది కనుక అక్కడ సెకన్లలోనే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ నరాల కొసల దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. వాటి మీద చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. పేరు టీఆర్‌పీవీ1. వాటి అసలు పని వేడిని పట్టుకోవడం. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి పోతుంది, నరం "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపుతుంది. చెయ్యి వెనక్కి లాక్కునేది అందుకే. క్యాప్సైసిన్ సరిగ్గా ఆ తలుపుకి తగిలే తాళంచెవి. వేడి లేకపోయినా అది తలుపు తీస్తుంది. దాంతోపాటు ఆ 43 డిగ్రీల గీతని కిందికి దించేస్తుంది. చేతి చర్మం మామూలుగా 32, 33 డిగ్రీలు ఉంటుంది. గీత అంతకన్నా కిందికి దిగిందంటే మీ ఒంటి వెచ్చదనమే మీకు నిప్పు. ఇక స్నానం నీళ్ళు 40 డిగ్రీలు ఉన్నాయనుకోండి, మామూలు రోజున హాయిగా ఉండేవి, ఈ రోజు సలసల కాగినట్టుంటాయి. చన్నీళ్ళలో పెడితే చర్మం ఆ గీత కిందికి చల్లబడుతుంది, తలుపు మూసుకుంటుంది. బయటికి తీస్తే మళ్ళీ వెచ్చబడుతుంది, క్యాప్సైసిన్ లోపలే ఉంది కనుక మళ్ళీ మంట. మీ అబ్బాయికి ఇదే చెప్పండి: కారం రుచి కాదు, ఈ వేడి కబురే, అందుకే నాలుక లేకున్నా చేతికి తెలుస్తుంది.

పులుపు గుణం కూడా ఇదే. ఆమ్లం కూడా ఆ తలుపుని తెరిపించే వైపే పనిచేస్తుంది. చేతిమీద చిన్న పగుళ్ళు, కత్తి గాట్లు ఉంటే నిమ్మకాయ వల్ల మంట పెరుగుతుందే కానీ తగ్గదు. కూరలో పులుపు కారాన్ని విరిచినట్టు అనిపించేది నాలుక మీద ఇంకో గట్టి రుచి పోటీకి రావడం వల్ల. చేతికి ఆ పోటీ లేదు.

మీ చెయ్యి నిజంగా కాలలేదు. ఎర్రబడటం, కాస్త వాయడం ఎందుకంటే ఆ కబురు పంపిన నరమే చుట్టూ రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. బొబ్బలు లేస్తే, లేదా ఒకటి రెండు రోజులకీ తగ్గకపోతే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించాలి.

గౌతమి గట్టు (8:55)
సరే, నిమ్మకాయ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ కారం రుచి కాదంటే ఒప్పుకోను. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు ఏంటి మరి?

లంక రైతు (9:10)
అయ్యా, మీరంతా కారం తెలిసినవాళ్ళలా ఉన్నారు. మా లంకలో మిరప పండుతోంది, రామచిలకలు పండు కాయలు తొక్కతో సహా లాగించేస్తున్నాయి. కారం నీళ్ళు స్ప్రే చేస్తే పోతాయని ఎవరో అన్నారు. లీటరుకి ఎంత కలపాలి?

పాలకొల్లు పంతులు (9:24)
రైతు గారూ, చిలక తింటున్నదే కారం కాయ కదండీ! దానికి ఇంకా కారం ఏం కలుపుతారు? 😀
గౌతమి గట్టు గారి ప్రశ్నకి: కారాన్ని కటు రసం అని ఆయుర్వేద శాస్త్రం చెప్పినప్పుడు మన దేశంలో మిరప లేదు. అది పోర్చుగీసు వాళ్ళతో అమెరికా ఖండం నుంచి వచ్చింది, పదహారో శతాబ్దంలో. అంతకుముందు కటువంటే మిరియం, పిప్పలి, శొంఠి. మిరపకాయ అనే పేరు కూడా మిరియం నుంచి వచ్చిందే. మరి శాస్త్రం రసం అన్నదాన్ని మేస్టారు రుచి కాదంటే ఎలా?

నరాల మేస్టారు (9:51)
పంతులు గారూ, శాస్త్రం తప్పని నేననను. అది నోట్లో తెలిసే వాటి జాబితా. నేను చెప్పేది ఆ కబురు ఏ దారిన పోతుందో. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఐదోదిగా మాంసం పులుసులో, పండిన టమాటాలో ఉండే ఉమామి. వీటిని పట్టుకునేవి నాలుక మొగ్గల్లో ఉండే ప్రత్యేక కణాలు. వాటి కబురు ఏడో, తొమ్మిదో, పదో కపాల నరాల మీదుగా పోతుంది. కారం కబురు ఐదో నరం మీద పోతుంది. ముఖం మీద ఎవరైనా గిల్లితే, పన్ను నొప్పి పుడితే, టీతో నోరు కాలితే ఆ కబురు మోసేదీ అదే. మెదడుకి కారం చేరేది రుచి సంచిలో కాదు, నొప్పి, వేడి సంచిలో.

ఆరింటిలో కారం ఒక్కటే కాదు, వగరు కూడా ఆ జాబితాలో వేరేదే. పచ్చి వెలక్కాయ, లేత అరటికాయ తింటే నోరు పట్టుకున్నట్టు ఉంటుంది కదా, అది ఎక్కువగా స్పర్శ. ఉగాది పచ్చడిలో నాలుగు రుచులు, రెండు స్పర్శలు అనుకోవచ్చు. పచ్చడికి ఏం లోటు రాదు.

మీ వంటింట్లోనే చూసుకోవచ్చు. పై పెదవి బయటి వైపు చెంచా కొసతో ఉప్పు నీళ్ళు రాసి, నాకకుండా ఉండండి. ఉప్పని తెలియదు. అదే చోట కాస్త పచ్చిమిర్చి రసం తగిలితే బాగా తెలుస్తుంది. అక్కడ రుచి మొగ్గలు లేవు, ఐదో నరం కొసలు బోలెడు. ఇంకోటి, ముక్కు గట్టిగా మూసుకుని ఎండుమిర్చి కారం చిటికెడు నాలుక మీద వేసుకోండి. మిరప వాసన పోతుంది, మంట చెక్కుచెదరదు. ముక్కు వదిలితే వాసన తిరిగొస్తుంది. మిర్చి రుచి బాగుందని మనం అనేదాంట్లో వాసన వాటా పెద్దది. మంట విడిగా నడుస్తోంది.

అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ తలుపుని పట్టుకున్నది ఇలాగే, మిరప పట్టుకునే. క్యాప్సైసిన్‌కి స్పందించని కణాల్లోకి నరాల జన్యువుల్ని గుంపులు గుంపులుగా పంపించి, ఏ గుంపుతో కణం స్పందించిందో వెతుకుతూ ఒక్క జన్యువు దగ్గరికి వచ్చారు. తీరా చూస్తే అది వేడిని కూడా పట్టుకునే తలుపు. ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిపి.

నరాల మేస్టారు (9:58)
లంక రైతు గారూ, పైన మీరు వదిలేసిన ప్రశ్న నిజానికి మంచిది. పక్షుల నరాల్లోనూ ఈ తలుపు ఉంది, వేడికి తెరుచుకుంటుంది. కానీ క్యాప్సైసిన్ దానికి సరిగ్గా పట్టదు. చిలకకి మిరపకాయ చప్పటి పండు. మీరు లీటరుకి ఎంత కలిపినా దానికి లెక్కలేదు. ఎలుకకి, ఉడతకి మనలాగే మండుతుంది. ఉడతలు తినకుండా పక్షుల గింజల్లో కారం కలిపే వాళ్ళున్నారు, పక్షి హాయిగా తింటుంది, ఉడత వదిలేస్తుంది. మిరప మొక్కకి ఇది లాభమే. ఎలుక గింజ నమిలి చంపేస్తుంది, పండ్లు తినే పిట్టలు చాలావరకు గింజని చెడగొట్టకుండా ఎక్కడో రెట్టలో వదులుతాయి. కారం నీళ్ళ ఖర్చు మానేసి మెరిసే రిబ్బన్లు కట్టండి, చిన్న మడి అయితే వల వేయండి.

లంక రైతు (10:06)
ఆయ్, అర్థమైందండి. మందు డబ్బులు మిగిలాయి.

పచ్చళ్ళ పార్వతి (10:15)
గౌతమి గట్టు గారు కారం గింజల్లో అన్నారు, ఎవరూ దిద్దలేదు. గింజల్లో కారం తయారవదండి. గింజలు అంటుకుని ఉండే తెల్లటి లోపలి కండ ఉంటుంది చూడండి, తొడిమ నుంచి కిందికి దిగే ఈనెలు, కారం పుట్టేది అక్కడ. గింజ దానికి అంటుకుని ఉంటుంది కనుక దానికీ పూసుకుంటుంది. బజ్జీలకి గింజలు దులిపేసి తెల్ల ఈనె వదిలేసే వాళ్ళు "గింజలు తీశాం, అయినా కారమే" అంటారు. చెంచా కొసతో తొడిమ దగ్గర గీకి ఈనెతో సహా లాగాలి. అప్పుడు చాలా తగ్గుతుంది. ఒకే మొక్క కాయల్లోనూ తేడా ఉంటుంది కాబట్టి నూరు శాతం హామీ అడక్కండి.

ఇంకో అనుమానం మేస్టారూ. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కులోకి తన్నేది, కళ్ళమ్మట నీళ్ళు తెప్పించేది కూడా ఈ క్యాప్సైసినేనా? అది వేరేలా ఉంటుంది. కారం నాలుక మీద ఉండిపోతుంది, ఇది ముక్కుకి ఎక్కి పది క్షణాల్లో పోతుంది.

నరాల మేస్టారు (10:40)
బాగా గమనించారు. అది ఆవది. తలుపు కూడా వేరే, టీఆర్‌పీఏ1 అంటారు. నరాల కొసలు మాత్రం చాలావరకు అవే. ఆవలో ఘాటు ముందే తయారై ఉండదు. గింజ నలిగి తడి తగిలాకే లోపలి ఎంజైము దాన్ని పుట్టిస్తుంది. అందుకే పొడి ఆవపిండి వాసన చూస్తే పెద్దగా తెలియదు, ముక్కల తడి తగిలి కలియబెట్టగానే తన్నుతుంది. అది తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం, అందుకే నాలుక కన్నా ముక్కుకి ఎక్కువ. ఆవిరై పోతుంది కనుకే త్వరగా వదులుతుంది. క్యాప్సైసిన్ మామూలు వేడికి ఆవిరవదు, కొవ్వులో అతుక్కుని కూర్చుంటుంది.

ఆవలు వేయించి పొడి కొడితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు రాదు, చేదు మిగులుతుంది. ఆవకాయకి ఆవలు ఎండబెట్టి పచ్చివే కొట్టేది అందుకే.

మరి పోపులో ఎండుమిర్చి మాడితే ఇల్లంతా దగ్గేది? అది క్యాప్సైసినే. కాగిన నూనె పొగతో పాటు సన్నటి తుంపరలుగా లేచి గొంతులో వాలుతుంది. వాసన బాగోలేక కాదు, గొంతు "కాలుతోంది" అనుకుని దగ్గుతుంది.

భీమవరం బుల్లోడు (10:52)
అన్నా, చేతుల సంగతి సరే. రొయ్యల వేపుడు తిని నోరు మండితే ఏం తాగాలి? నేను చల్లటి నీళ్ళు రెండు గ్లాసులు తాగుతాను, తాగినంతసేపూ బాగుంటుంది.

పచ్చళ్ళ పార్వతి (11:01)
చేతి కథే నోటి కథ బాబూ. నీళ్ళు చల్లగా ఉన్నంతసేపే. మింగాక మళ్ళీ మొదలు. పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు తిప్పు, వెంటనే మింగకు.

నరాల మేస్టారు (11:12)
పెరుగు, పాలు సరైన మాట. కొవ్వు ఉండటం ఒక్కటే కారణం అయితే వెన్న తీసిన పాలు పనిచేయకూడదు, కానీ అవి కూడా బాగానే పనిచేస్తాయి. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీను క్యాప్సైసిన్‌ని పట్టుకుని లాక్కుపోతుందని అనుకుంటున్నారు. పంచదార చెంచాడు నోట్లో వేసుకున్నా కొంత తగ్గుతుంది. కొబ్బరి పాలల్లో కొవ్వుంది, కేసీన్ లేదు. వేడి వేడి అన్నంతో మాత్రం కారం తినకండి, గీత కిందికి దిగి ఉంది అని చెప్పాను కదా. అదే కూర చల్లారాక తక్కువ కారంగా అనిపించేది అందుకే.

పాలకొల్లు పంతులు (11:20)
కొందరు ఎంత కారమైనా ఇట్టే తినేస్తారు. వాళ్ళకి ఆ తలుపులు తక్కువుంటాయా?

నరాల మేస్టారు (11:37)
పుట్టుకతో కొంత తేడా ఉండొచ్చు, కానీ అలవాటు పెద్ద కారణం. క్యాప్సైసిన్ పదే పదే తగిలితే ఆ నరం కొస కొంతకాలం మొద్దుబారుతుంది. దీన్నే మందుగా వాడతారు. సర్పి తగ్గాక మిగిలే నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ ఉంది, డాక్టరు పర్యవేక్షణలో వేస్తారు. వంటింటి కారం పూసి అదే పని చేయబోకండి.
మొద్దుబారేది మంట మాత్రమే, ఉప్పు, పులుపు తెలిసే కణాలు వేరు కదా. కానీ నోరంతా మండుతున్నప్పుడు తీపి, ఉప్పు తక్కువగా తెలుస్తాయా అన్నదానిమీద మాత్రం ఫలితాలు ఒక్క మాట మీద లేవు.

గౌతమి గట్టు (11:44)
అలవాటు పడ్డవాడి కూర పక్కవాడు తినలేడు అంటే ఇదన్నమాట. కాకపోతే ఉప్పు కూడా ఎక్కువేసుకుంటారు వాళ్ళు, అది నేను చూశా. దానికీ మీ లెక్కలో చోటు ఉండాలి.

కోనసీమ కోడలు (రాత్రి 12:05)
ఇప్పుడు బాగా తగ్గిందండి, వేళ్ళ కొసల్లో మాత్రం కాస్త. కత్తిపీట, పీట, గరిటెలు ఎలా కడగాలి? పొద్దున మా చంటిదాన్ని ఎత్తుకోవచ్చా? గాట్లు పెట్టిన కాయలు ఉప్పు చల్లలో నానుతున్నాయి, మూడో రోజుకి ఎండబెట్టాలి.

నరాల మేస్టారు (12:14)
అన్నిటికీ అదే వరస. ముందు నూనె గుడ్డతో తుడిచి, తర్వాత లిక్విడ్ నీళ్ళు లేకుండా, ఆఖరున నీళ్ళు. చెక్కపీట పీల్చుకుంటుంది, దానికి రెండుసార్లు. కుళాయి పిడి, ఫ్రిజ్ పిడి, ఫోను మరిచిపోకండి, మధ్యాహ్నం అన్నీ ముట్టుకునుంటారు. మీ ఒంటికి వాడే సబ్బు ముక్క కూడా మార్చేయండి. చంటిదాని సంగతి: పొద్దున లేచాక మళ్ళీ ఒకసారి నూనె, లిక్విడ్ చేసి, మీ వేలిని మీ పెదవికి ఆనించి నిమిషం చూడండి. చురుక్కుమనకపోతే ఎత్తుకోండి. చురుక్కుమంటే పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, అరచెయ్యి దాని ముఖానికి తగలకుండా.

పచ్చళ్ళ పార్వతి (12:20)
ఎండబెట్టేటప్పుడు రోజూ చేత్తో తిరగేస్తారు కదా, పల్చటి రబ్బరు గ్లవ్స్ తెచ్చుకోండి. నూనె చేతులతో వేసుకుంటే కొన్ని రకాల రబ్బరు మెత్తబడి చిరుగుతుంది, పొడి చేతులతోనే వేసుకోండి.
మేస్టారూ, ఒకటి మిగిలిపోయింది. చల్లలో మూడు రోజులు నానితే కారం తగ్గుతుందంటారు. ఆ చల్ల రుచి చూస్తే కారంగానే ఉంటుంది, అంటే కొంత అందులోకి దిగినట్టే. కానీ వేయించి తింటే కాయలో కొన్ని ఇంకా మండుతాయి. కేసీన్ లాగేసిందా, ఉప్పూ పులుపూ ముందుకి వచ్చి మనల్ని మరిపించాయా?

నరాల మేస్టారు (12:31)
రెండూ ఉంటాయనే నా అంచనా, వాటా ఎంతో చెప్పలేను. గాటు చిన్నదైతే చల్ల లోపలి ఈనెని సరిగ్గా తాకదు, ఆ కాయలే మండుతాయేమో. కోడలు గారు ఈసారి కొన్ని కాయలకి చిన్న గాటు, కొన్నిటికి తొడిమ దాకా పొడుగు గాటు పెట్టి, విడిగా ఎండబెట్టి చూస్తే తెలుస్తుంది.

కోనసీమ కోడలు (12:36)
ఈసారి గాట్లు ఆయన పెడతారండి.